అడ్వాన్సు, స్టేజీల వారీ చెల్లింపు: స్ట్రక్చరల్ కన్సల్టెంట్ కొటేషన్ ఒకటి విప్పి చూస్తే (కేస్ స్టడీ)

స్టిల్ట్ మీద ఐదు అంతస్తుల అపార్ట్‌మెంట్. ఒక్కో లెవెల్ 5,000 చదరపు అడుగులు, స్టిల్ట్‌తో కలిపి మొత్తం 30,000. ప్లాన్ గీసిన ఆర్కిటెక్టు వేరే. స్ట్రక్చరల్ డిజైన్ మాత్రం ఒక చిన్న కన్సల్టెన్సీకి ఇస్తున్నారు. అందులో ఇద్దరు ఇంజినీర్లు, ఒక డ్రాఫ్ట్స్‌మన్. చదరపు అడుగుకు రూ. 12 చొప్పున ఫీజు రూ. 3,60,000, జీఎస్టీ అదనం. ఫీజు దగ్గర బేరం పెద్దగా సాగలేదు. చిక్కంతా ఆ డబ్బు ఎప్పుడెప్పుడు వస్తుందనే దగ్గరే. బిల్డర్ పేరు, ఊరు ఇక్కడ అనవసరం. మొదటి కొటేషన్‌లో తేడా ఎక్కడుంది, దాన్ని తిరగరాశాక ఏ పదం ఏ పని చేసింది అన్నదే చూద్దాం.

మొదటి కొటేషన్

అందులో చెల్లింపు షరతులు నాలుగు లైన్లే: అడ్వాన్సు 10 శాతం, డిజైన్ పూర్తయ్యాక 30 శాతం, మున్సిపల్ అనుమతి వచ్చాక 40 శాతం, నిర్మాణం పూర్తయ్యాక 20 శాతం. చాలా ఆఫీసుల్లో ఇదే ఫార్మాట్ ఏళ్లుగా ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు కాపీ అవుతూ వస్తోంది.

దీన్ని పని సాగే తీరు పక్కన పెట్టి చూడాలి. ఇలాంటి భవనానికి స్ట్రక్చరల్ ఆఫీసు పడే శ్రమను వందగా తీసుకుంటే, ఆర్కిటెక్టుతో కూర్చుని కాలమ్స్ ఎక్కడ నిలబెట్టాలో తేల్చే లేఔట్‌కు సుమారు 15 పోతుంది. మోడల్ కట్టి గాలి, భూకంప భారాలు వేసి అనాలిసిస్, డిజైన్ చేయడానికి 25. పునాది, కాలమ్ డ్రాయింగులకు 20. ప్లింత్ బీములు, స్లాబులు, బీము కడ్డీల వివరాలకు 25. టెర్రస్ హెడ్‌రూమ్, లిఫ్ట్, ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు అన్నీ కలిపి 8. సైటుకు వెళ్లి కడ్డీ చూసి రావడానికి 7. అంటే పుటింగుల్లో కాంక్రీటు పడే రోజుకే ఆఫీసు పనిలో 60 వంతులు అయిపోతాయి.

మొదటి కొటేషన్ ప్రకారం ఆ రోజుకు చేతికి వచ్చేది 10 శాతమే. "డిజైన్ పూర్తయ్యాక" అంటే ఏ రోజో ఎక్కడా రాయలేదు. ట్యాంకు డ్రాయింగు కూడా అందాకే డిజైన్ పూర్తయినట్టు అని బిల్డర్ అంటే, కాగితం చూపించి కాదనడానికి లేదు. 40 శాతం మున్సిపాలిటీ చేతిలో ఉంది. ఫీజులు కట్టడం ఆలస్యమైనా, స్థలం పత్రాల్లో లింకు డాక్యుమెంటు దొరక్కపోయినా అనుమతి ఆగుతుంది. ఇందులో స్ట్రక్చరల్ ఇంజినీరు చేయగలిగింది ఏమీ లేదు. చివరి 20 శాతం ఫ్లాట్లు అమ్ముడై, డబ్బు తిరిగి, నిర్మాణం ముగిస్తే గాని రాదు. ఇలా రాసిన కన్సల్టెంట్ బిల్డర్‌కు వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టే.

స్టేజీని ఎదుటివాళ్ల పనికో మూడో మనిషి పనికో ముడిపెట్టారా అన్నది కొటేషన్‌లో మొదట చూసుకోవాలి. "పునాది వేశాక", "మొదటి స్లాబు అయ్యాక", "అనుమతి వచ్చాక" అన్నవన్నీ ఆ కోవలోవే. స్టేజీ కన్సల్టెంట్ తన చేత్తో ఇచ్చే వస్తువు మీద ఉండాలి. అదీ బిల్డర్ తర్వాతి అడుగు వేయడానికి తప్పనిసరిగా కావలసిన వస్తువై ఉండాలి.

అడ్వాన్సు ఎంత: చేతికి వచ్చే మొత్తం లెక్క

తిరగరాసిన కొటేషన్‌లో అడ్వాన్సు మొదట 20 శాతం అడిగారు. అది ఊరికే వేసిన అంకె కాదు. ఈ పనికి ఆఫీసుకయ్యే ఖర్చు జీతాలు, సాఫ్ట్‌వేర్, అద్దె, ప్రయాణాలు కలిపి సుమారు రూ. 2,60,000. కాలమ్ లేఔట్ దాకా అందులో 15 వంతులు, అంటే రూ. 39,000. కాలమ్ సైజులు కాస్త నమ్మకంగా చెప్పాలంటే ప్రాథమిక మోడల్ ఒకటి కట్టాలి, దానికి ఇంకో రూ. 21,000. మొత్తం రూ. 60,000. బిల్డర్ మధ్యలో మాట మార్చినా సొంత డబ్బు పోకూడదంటే మొదటి స్టేజీ అప్పగించేలోపు ఈ మొత్తం చేతిలో ఉండాలి.

ఇప్పుడు 20 శాతాన్ని విప్పి చూడండి. రూ. 72,000 మీద 18 శాతం జీఎస్టీ రూ. 12,960, మొత్తం రూ. 84,960. ఇంజినీరింగ్ వృత్తి సేవ కింద 10 శాతం టీడీఎస్, అంటే రూ. 7,200 పట్టుకుని బిల్డర్ సంస్థ రూ. 77,760 జమ చేస్తుంది. అందులోంచి జీఎస్టీ కట్టేస్తే మిగిలేది రూ. 64,800. ఖర్చుకు సరిపోతుంది. అదే 10 శాతం అడ్వాన్సైతే చేతిలో రూ. 32,400 మిగులుతుంది, అంటే లేఔట్ ఖర్చు కూడా రాదు.

టీడీఎస్ ఎక్కడికీ పోదు, పన్ను లెక్కలో తిరిగి కలుస్తుంది. కానీ ఈ నెల జీతాలకు అది పనికిరాదు. ఈ కోత ఇన్నాళ్లూ 194జె సెక్షన్ కింద ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో జీతాల మీద తప్ప మిగతా టీడీఎస్ నిబంధనలన్నీ 393వ సెక్షన్‌లోకి వచ్చాయి. బిల్లులో జీఎస్టీని విడిగా చూపిస్తే టీడీఎస్ ఫీజు మీద మాత్రమే పట్టాలి. 2017లో వచ్చిన 23వ నంబరు సర్క్యులర్ ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. అయినా మొత్తం మీద పట్టే అకౌంటెంట్లు ఇప్పటికీ కనిపిస్తారు. అందుకే డబ్బు కోరుతూ ముందుగా పంపే ప్రొఫార్మా బిల్లులోనే ఫీజు, జీఎస్టీ, పట్టవలసిన టీడీఎస్, జమ కావలసిన మొత్తం అని నాలుగు వరుసలు విడివిడిగా వేస్తే ఫోన్లు తగ్గుతాయి.

"జీఎస్టీ అదనం" అన్న రెండు మాటలు లేకపోతే ఏమవుతుంది? బిల్డర్ రూ. 72,000 ఇచ్చి, పన్ను అందులోనే ఉందంటాడు. అప్పుడు ఫీజు రూ. 61,017కి, టీడీఎస్ పోయాక చేతిలో మిగిలేది రూ. 54,915కి పడిపోతుంది. బిల్డర్ ఇలా పట్టుబట్టడానికి కారణం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి నివాస ప్రాజెక్టులకు వచ్చిన తక్కువ జీఎస్టీ రేట్లలో ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. కన్సల్టెంట్‌కు కట్టే పన్ను అతనికి నిజంగానే ఖర్చు. కాబట్టి దీన్ని తర్వాత తేల్చుకుందాం అని వదిలేయకుండా మొదటి రోజే ఫీజు పక్కన అంకెల్లో చూపించాలి.

బేరం ఎక్కడ కుదిరింది

"ఇంకా ఒక్క గీత గీయకుండా ఇరవై శాతం ఏంటి సార్, పదిహేను తీసుకోండి" అన్నది బిల్డర్ మాట. ఇక్కడ చాలామంది శాతం పట్టుకుని లాగుతారు. లాగవలసింది దాన్ని కాదు, డబ్బు రాకముందు చేసే పనిని. 15 శాతం అంటే రూ. 54,000, టీడీఎస్ పోతే రూ. 48,600. దీనికి రూ. 60,000 పని చేస్తే నష్టం. కానీ ప్రాథమిక మోడల్‌ను అవతలి స్టేజీలోకి జరిపితే పని ఖర్చు రూ. 39,000కి దిగుతుంది. అలాగే చేశారు. కాలమ్ ఒక్కొక్కటి మోసే స్లాబు విస్తీర్ణాన్ని బట్టి అంచనా సైజులు, ఒక మెట్టు పెద్దవిగా, లేఔట్‌లో ఇస్తారు. మోడల్ మీద ఖాయమైన సైజులు తర్వాతి చెల్లింపు అందాకే. ఇందులో ఆర్కిటెక్టుకు కాస్త ఇబ్బంది ఉంటుంది, ఎందుకంటే స్టిల్ట్ పార్కింగులో 75 మిల్లీమీటర్ల తేడా కూడా కారు తలుపు దగ్గర తెలుస్తుంది. అందుకే "సైజులు తాత్కాలికం" అన్న మాట డ్రాయింగు మీదే ముద్రించారు.

కుదిరిన పట్టిక ఇది:

| ఎప్పుడు | శాతం | ఫీజు (రూ.) |
|---|---|---|
| కొటేషన్ అంగీకారంతో, పని మొదలుకాక ముందు | 15 | 54,000 |
| కాలమ్ లేఔట్ అప్పగించాక, మోడల్ మొదలుపెట్టక ముందు | 20 | 72,000 |
| పునాది, కాలమ్ డ్రాయింగుల విడుదలకు ముందు | 25 | 90,000 |
| ప్లింత్ బీములు, స్లాబు డ్రాయింగుల విడుదలకు ముందు | 25 | 90,000 |
| టెర్రస్, లిఫ్ట్, ట్యాంకులు, సంపు: విడుదలకు ముందు | 10 | 36,000 |
| సైటు తనిఖీలు ఆరు, ఒక్కోటి రూ. 3,000, వెళ్లినప్పుడల్లా | 5 | 18,000 |

దీన్ని పైన చెప్పిన శ్రమ లెక్కతో పోల్చండి. లేఔట్ ఇచ్చే రోజుకు పని 15 వంతులు, వచ్చింది 15 శాతం. మోడల్ మొదలుపెట్టే రోజుకు చేతిలో 35 శాతం. పునాది డ్రాయింగులు బయటికి వెళ్లే రోజుకు పని 60, డబ్బు 60. స్లాబుల దగ్గర 85, 85. బిల్డర్ కూడా ఎక్కడా తాను అందుకున్నదానికి మించి పెద్దగా ముందు ఇవ్వడం లేదు. ఈ రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూపించాక బేరం త్వరగా తెగింది.

చివర్లో 5 శాతం ఆపుకుంటామని బిల్డర్ అడిగాడు. కాంట్రాక్టర్ల బిల్లుల్లో అది మామూలే. ఆపుకోవడం బదులు తనిఖీల సొమ్మునే చివరి వాటాగా చూపించారు. పిలిస్తేనే వెళ్తారు, వెళ్తేనే బిల్లు. పిలవకపోతే ఆ డబ్బు రాదు, ఆ పనీ ఉండదు.

అడ్వాన్సును ప్రతి బిల్లులో కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలన్నది బిల్డర్ తరఫున వచ్చిన ఇంకో సూచన. ఇదీ కాంట్రాక్టర్ల పద్ధతే. అక్కడ అడ్వాన్సు సామాను దించడానికి ఇచ్చే అప్పు లాంటిది. ఇక్కడ అది మొదటి స్టేజీ ఫీజు. కొటేషన్‌లో "అడ్వాన్సు మొదటి స్టేజీ ఫీజులో పూర్తిగా జమ అవుతుంది" అని ఒక వాక్యం రాస్తే ఈ గందరగోళం ఉండదు.

"అడ్వాన్సు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు" అన్న వాక్యం మాత్రం తీసేశారు. చూడటానికి గట్టిగా కనిపిస్తుంది గాని నిలబడేది తక్కువ. భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ముందే రాసుకున్న మొత్తమైనా సరే, దాని పరిమితిలో సమంజసమైన పరిహారమే దక్కుతుంది. పని ఏమీ చేయకుండా మొత్తం ఉంచుకుంటామంటే ప్రశ్న వస్తుంది. దాని బదులు ఇలా రాశారు: "అంగీకారం తర్వాత క్లయింటు పని రద్దు చేసుకుంటే, కాలమ్ లేఔట్ మొదటి డ్రాఫ్టు పంపక ముందైతే అడ్వాన్సులో 40 శాతం, పంపాకైతే మొత్తం, చేసిన పనికి ఫీజుగా చెల్లుతుంది." చేసిన పనికి డబ్బు అని చెప్తే వాదన సులువు. టైమ్‌షీట్లు ఉంటే ఇంకా సులువు.

విడుదల అంటే ఏమిటి

పట్టికలో ఎక్కువ పని చేసేది "విడుదలకు ముందు" అన్న మాట. డ్రాయింగు సిద్ధమైన రోజు బిల్డర్‌కు రెండు వెళ్తాయి: ప్రొఫార్మా, దాంతోపాటు తక్కువ రిజల్యూషన్‌లో, "నిర్మాణానికి కాదు" అని అడ్డంగా ముద్ర పడిన పీడీఎఫ్. అందులో పుటింగుల అమరిక కనిపిస్తుంది, కడ్డీల షెడ్యూలు ఉండదు. డబ్బు ఖాతాలో పడ్డాక "నిర్మాణానికి" అని స్టాంపు, సంతకం, రివిజన్ నంబరుతో అసలు సెట్టు వెళ్తుంది. ఖాతాలో పడ్డాక అన్నది ముఖ్యం. చెక్కు ఫొటో, ముందు తేదీ వేసిన చెక్కు లెక్కలోకి రావు.

ఈ పద్ధతి రెండు చోట్ల చిల్లు పడుతుంది. ఒకటి, సైటు సూపర్‌వైజర్ నేరుగా డ్రాఫ్ట్స్‌మన్‌కు ఫోన్ చేసి, "బాబూ, మేస్త్రి వచ్చి కూర్చున్నాడు, ఆ ఒక్క షీటు వాట్సాప్‌లో పెట్టు" అంటాడు. అతను పెట్టేస్తాడు. రూ. 90,000 చేతిలోంచి జారిపోయినట్టే. డ్రాయింగులు ఒక్క మెయిల్ ఐడీ నుంచే వెళ్తాయని, మిగతా దారుల్లో వచ్చినవి నిర్మాణానికి చెల్లవని కొటేషన్‌లో ఉండాలి. ఆఫీసులో అందరికీ తెలిసి ఉండాలి.

రెండోది ఇంకా పెద్దది. ఇంత ఎత్తు భవనానికి అనుమతి దరఖాస్తుతో స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉన్న డ్రాయింగులు పెట్టవలసి వస్తుంది. ఈ సెట్టు అసలు డిజైన్ కంటే ముందే బయటికి వెళ్తుంది. అందులో పుటింగు సైజులు, కడ్డీలు నిండుగా ఉంటే కొందరు దాన్నే మేస్త్రికి ఇచ్చి కట్టించేస్తారు. ఇక పునాది డ్రాయింగుల కోసం డబ్బు కట్టే అవసరం వాళ్లకు ఉండదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, సాయిల్ రిపోర్టు రాకముందు వేసిన అంచనా మీద భవనం నిలబడటం ఇంకో ఎత్తు. అందుకని ప్రతి షీటు మీద "అనుమతి దరఖాస్తు కోసం మాత్రమే, సాయిల్ రిపోర్టుకు లోబడి" అని రాయాలి. దీన్ని లేఔట్ స్టేజీ చెల్లింపు అందాకే ఇస్తామని షరతు పెట్టాలి. ఈ కేసులో బిల్డర్ రెండో విడత వెంటనే కట్టడానికి కారణం ఇదే. దరఖాస్తు పెట్టడానికి అతనికి ఆ సెట్టు కావాలి.

డ్రాయింగుల మీద కాపీరైట్ గీసిన ఆఫీసుదే, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప. ఫీజు పూర్తిగా చెల్లించాక ఈ ఒక్క స్థలంలో, ఒక్కసారి కట్టుకోవడానికి అనుమతి అని ఒక వాక్యం చాలు. పక్క ప్లాటులో అదే భవనం మళ్లీ లేస్తున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

గడియారం ఎప్పుడు తిరగడం మొదలవుతుంది

"అడ్వాన్సు అందిన 10 పని దినాల్లో లేఔట్" అని రాస్తే అది కన్సల్టెంట్ మెడకు చుట్టుకుంటుంది. డబ్బు వస్తుంది గాని ఆర్కిటెక్టు ఫైనల్ ప్లాన్ రాదు. సవరించిన వాక్యం: "అడ్వాన్సు ఖాతాలో జమ, ఆర్కిటెక్టు ఖరారు చేసిన ఫ్లోర్ ప్లాన్ల క్యాడ్ ఫైలు, ఈ రెంటిలో చివరగా అందిన రోజు నుంచి 10 పని దినాలు." పునాది డ్రాయింగులకు వీటికి తోడు సాయిల్ రిపోర్టు. సాయిల్ టెస్టు ఖర్చు క్లయింటుదే అని విడిగా రాయాలి, లేకపోతే అది ఫీజులోదే అనుకుంటారు.

ఈ కేసులో రిపోర్టు ఆలస్యంగా వచ్చింది. అందులో పైన మందంగా నల్లరేగడి ఉందని తేలి, పైల్స్ వేయమన్నారు. కొటేషన్‌లో మొదటి పేరాలోనే "ఫీజు విడి పుటింగుల పునాదికి, రాఫ్ట్ లేదా పైల్స్ అవసరమైతే రూ. 40,000 అదనం" అని ఉంది. ఈ లైను లేకపోతే ఇక్కడ వాదన మొదలయ్యేది. ఉంది కాబట్టి పునాది స్టేజీ ప్రొఫార్మాలో రూ. 90,000కు రూ. 40,000 కలిసి రూ. 1,30,000 అయింది. జీఎస్టీ రూ. 23,400, టీడీఎస్ రూ. 13,000, జమ కావలసింది రూ. 1,40,400.

లేఔట్‌కు రెండు సవరణలు ఉచితం. ఏడు పని దినాల్లో రాతపూర్వకంగా అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే అని ఇంకో షరతు. రెండు సవరణలూ అయ్యాక, స్టిల్ట్‌లో కారు తిరగడం లేదని ఆర్కిటెక్టు రెండు కాలమ్స్ జరపమన్నాడు. అప్పటికి మోడల్ సగం అయింది. గంటకు రూ. 1,200 చొప్పున 14 గంటలు, రూ. 16,800. ముందే అంచనా పంపి, "సరే" అన్న మెయిల్ వచ్చాకే ముట్టుకున్నారు. పని చేసేసి తర్వాత అదనపు బిల్లు పంపితే అది దాదాపు ఎప్పుడూ రాదు.

జీఎస్టీ ఎప్పుడు కట్టాలో స్టేజీ మాటలే నిర్ణయిస్తాయి

సేవలకు తీసుకున్న అడ్వాన్సు మీద జీఎస్టీ అందిన నెలకే పడుతుంది. వస్తువుల వ్యాపారంలో ఉన్న వెసులుబాటు ఇక్కడ లేదు. అడ్వాన్సు రాగానే రిసీట్ వోచర్ ఇవ్వాలి, లేదా అదే రోజు పన్ను ఇన్వాయిస్ ఇచ్చేయవచ్చు. ఇన్వాయిస్ ఇవ్వక ముందే పని రద్దయి డబ్బు తిరిగి ఇస్తే రీఫండ్ వోచర్, ఇన్వాయిస్ ఇచ్చాకైతే క్రెడిట్ నోట్.

మూడు నెలలు దాటి సాగే, మధ్య మధ్యలో చెల్లింపులుండే ఒప్పందాన్ని చట్టం నిరంతర సేవగా చూస్తుంది. అలాంటి చోట చెల్లింపును ఒక ఘటన పూర్తవడానికి ముడిపెడితే, ఆ ఘటన పూర్తయిన రోజులోపే ఇన్వాయిస్ ఇవ్వాలి. 31వ సెక్షన్ చెప్పేది ఇదే. "పునాది డ్రాయింగులు పూర్తయ్యాక 25 శాతం" అని రాశారనుకోండి. డ్రాయింగులు ఈ నెల 25న పూర్తయ్యాయి, బిల్డర్ మూడు నెలలు డబ్బివ్వలేదు. వచ్చే నెల 20 లోపు రిటర్నులో రూ. 16,200 జీఎస్టీ మాత్రం సొంత జేబులోంచి కట్టాలి. స్టేజీని "విడుదల"గా నిర్వచిస్తే, విడుదల డబ్బు వచ్చాకే కాబట్టి ప్రొఫార్మా మీద పన్ను పడదు. డబ్బు పడిన రోజే ఇన్వాయిస్, ఆ రోజే విడుదల. ఈ ఒక్క మాట మీ ఆడిటర్‌తో కూడా సరిచూసుకుని కొటేషన్ ఖరారు చేయండి.

డబ్బు ఆగినప్పుడు

పునాది స్టేజీ దగ్గర ప్రొఫార్మా వెళ్లాక డబ్బు వెంటనే రాలేదు. తవ్వకం మొదలైంది, పైలింగ్ మెషీను బుక్ అయింది. "పని మొదలుపెట్టించండి, డబ్బెక్కడికి పోతుంది" అన్నారు. డ్రాయింగులు ఇవ్వలేదు. మెషీను ఖాళీగా నిలబడితే రోజు బాడుగ పడుతుంది. ఆ బాడుగే డబ్బు తెప్పించింది, ఉత్తరాలు కాదు.

స్లాబుల స్టేజీలో ఇంకో ప్రతిపాదన వచ్చింది, తెలుగు నేల మీద ఏ కన్సల్టెంటూ విననిది కాదు: "మిగిలింది ఫ్లాట్‌లో సర్దుకుందాం." ఫీజు లక్షల్లో, ఫ్లాటు అంతకు ఎన్నో రెట్లు. అంటే కన్సల్టెంటే పైన డబ్బు కట్టాలి, రిజిస్ట్రేషన్ ఎప్పుడో తెలియదు, జీఎస్టీ మాత్రం ఇప్పుడే కట్టాలి. "చెల్లింపులు బ్యాంకు బదిలీ ద్వారా మాత్రమే" అన్న షరతు చూపి మర్యాదగా తప్పుకున్నారు.

సంస్థకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకో ఆధారం. పని ఒప్పుకోక ముందే చేయించుకుని, నంబరు కొటేషన్ మీదా ఇన్వాయిస్ మీదా వేయాలి. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. గడువు రాయకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆదాయపు పన్నులో 43బి(హెచ్) వచ్చాక ఈ గడువు దాటిన ఫీజును చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. కాబట్టి మార్చిలో బిల్డర్ ఆడిటరే మన తరఫున ఫోన్ చేస్తాడు. ఇక్కడ ఒక పరిమితి ఉంది. ఇవన్నీ పని అప్పగించాక నడిచే గడువులు. ఈ పట్టికలో చాలా స్టేజీలు అప్పగించక ముందే చెల్లించేవి కాబట్టి, ఆ చట్టం అక్కరకొచ్చేది ముఖ్యంగా లేఔట్, తనిఖీలు, అదనపు గంటల బిల్లులకే.

క్లయింటు నుంచి వచ్చే పర్చేజ్ ఆర్డర్‌ను వదిలేయకుండా చదవాలి. ఈ కేసులో వచ్చిన ఆర్డరు వెనక పేజీలో "చెల్లింపు తుది ఆమోదం తర్వాత 60 రోజులు" అని అచ్చై ఉంది. వేరే షరతులతో వచ్చిన అంగీకారం కొత్త ప్రతిపాదన కిందికి వస్తుంది. దాని మీద పని మొదలుపెడితే ఆ షరతులకు ఒప్పుకున్నట్టు అవ్వచ్చు. అదే రోజు ఒక మెయిల్ వెళ్లింది: చెల్లింపు షరతులు కొటేషన్ రెండో రివిజన్ ప్రకారమే, దీనికి సరే అని జవాబు వచ్చాకే పని. జవాబుతో పాటు అడ్వాన్సు వచ్చింది.

డ్రాయింగులు ఆపడానికి కూడా ఒక హద్దు ఉంది. పునాది సెట్టు ఇవ్వకుండా ఆపడం సురక్షితం, ఇంకా ఏమీ లేవలేదు. సెంట్రింగు కొట్టి, కడ్డీ సగం కట్టిన స్లాబుకు వివరాలు ఆపితే మేస్త్రి పోయినసారి కట్టిన భవనం లెక్కతో కానిచ్చేస్తాడు. అప్పుడు నష్టం డబ్బుతో పోదు. అందుకే స్లాబులన్నీ ఒకే స్టేజీలో, కాలమ్స్ లేవక ముందే తెగేలా పట్టిక రాశారు. ప్రొఫార్మా వెళ్లిన 15 రోజులకు డబ్బు రాకపోతే పని నిలుపుదల. 90 రోజులు దాటి మళ్లీ మొదలుపెడితే మిగిలిన ఫీజు మీద 10 శాతం అదనం. విడుదల కాని డ్రాయింగులతో కట్టినట్టు తెలిస్తే రాతపూర్వకంగా హెచ్చరించి, ఏడు రోజుల్లో ఆపకపోతే స్ట్రక్చరల్ ఇంజినీరుగా తప్పుకుంటున్నట్టు క్లయింటుకూ, అనుమతి ఇచ్చిన మున్సిపాలిటీకీ లేఖ ఇవ్వబడుతుంది అన్నది కొటేషన్‌లో ఆఖరి షరతు.